ఎఫ్‌డీ ఆఫర్ లెటర్‌లో 8.30% అని ప్రింట్ చేసిన బ్యాంక్ వాళ్ళకి బహిరంగ లేఖ

బ్రాంచి మేనేజర్ గారికి, అలాగే పైన హెడ్ ఆఫీసులో కూర్చుని ఈ డిపాజిట్ లెటర్ల నమూనా తయారుచేసే వాళ్ళకి,

నమస్కారం అండి. బ్యాంక్ పేరు, బ్రాంచి పేరు ఇక్కడ రాయట్లేదు. మీకు తెలుసు, మీ బ్రాంచి వాళ్ళకీ తెలుసు, అది చాలు. పైగా ఇలాంటి లెటర్లు ఇచ్చేది మీరొక్కరే కాదు, కాబట్టి ఇది చదివే మిగతా బ్యాంకుల వాళ్ళు కూడా తమ లెటర్ ఒకసారి తీసి చూసుకోవచ్చు.

సంగతి మా బాబాయి ఎఫ్‌డీ గురించి. ఆయనకి 53 ఏళ్ళు, పని చేసే కంపెనీ వాలంటరీ రిటైర్‌మెంట్ ఇచ్చి పంపించింది, వచ్చిన డబ్బులో 10 లక్షలు 2025 జులై 1న మీ దగ్గర 5 ఏళ్ళకి వేశారు. క్యుములేటివ్, అంటే వడ్డీ చేతికి తీసుకోకుండా అందులోనే కలుపుకుంటూ పోయేది. మీరిచ్చిన ఆఫర్ లెటర్‌లో మధ్యలో పెద్ద అక్షరాలతో మూడు ముక్కలు ఉన్నాయి: వడ్డీ రేటు 7.00%, యీల్డ్ 8.30%, మెచ్యూరిటీ మొత్తం 14,14,778 రూపాయలు. యీల్డ్ పక్కన ఒక చుక్క గుర్తు, ఆ చుక్కకి అర్థం కింద భూతద్దం పెట్టి చదవాల్సిన సైజులో. ఇంకా కింద "వర్తించే చోట టీడీఎస్ మినహాయించబడును" అని ఒక్క లైను. టీడీఎస్ అంటే వడ్డీలోంచి బ్యాంకే ముందుగా కోసి గవర్నమెంట్‌కి కట్టే ట్యాక్స్. అంతే.

నేను తెనాలిలో ఒక చిన్న ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంటా. అక్టోబర్‌లో బాబాయి స్టేట్‌మెంట్ తెచ్చి చూపించి "ఇదేంట్రా వడ్డీలోంచి కోశారు, లెటర్‌లో ఇలా లేదే" అంటే అప్పుడు కూర్చుని మొత్తం మళ్ళీ లెక్క కట్టా. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నా. తప్పుంటే చెప్పండి, మీ దగ్గర నాకంటే మంచి సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా.

ముందు ఒకటి ఒప్పుకోవాలి, 14,14,778 అన్న అంకె లెక్క ప్రకారం తప్పు కాదు. మన దగ్గర బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీని మూడు నెలలకోసారి అసలులో కలుపుతాయి, కాబట్టి 7 శాతాన్ని 4తో భాగిస్తే క్వార్టర్‌కి 1.75 శాతం, 5 ఏళ్ళలో 20 క్వార్టర్లు. ఎక్సెల్‌లో ఎవరైనా ఇది కొట్టి చూసుకోవచ్చు:

```
=1000000*(1+7%/4)^(4*5)
```

14,14,778 వస్తుంది. ఎక్సెల్ లేని వాళ్ళు ఫోన్‌లో క్యాలికులేటర్ అడ్డంగా తిప్పితే పవర్ బటన్ వస్తుంది, 1.0175 పవర్ 20 కొట్టి 10 లక్షలతో హెచ్చవేస్తే అదే అంకె. ఇక్కడిదాకా మీకూ నాకూ గొడవ లేదు.

గొడవ 8.30 దగ్గర మొదలవుతుంది. ఇది ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 5 ఏళ్ళలో వచ్చే మొత్తం వడ్డీ 4,14,778, దాన్ని తీసుకెళ్ళి 5తో భాగిస్తే 82,956, అది 10 లక్షల మీద 8.2956 శాతం, రౌండ్ చేస్తే 8.30. అంటే వడ్డీ మీద వడ్డీ లెక్క వేసి వచ్చిన మొత్తాన్ని మళ్ళీ అది మామూలు వడ్డీ అన్నట్టు ఏళ్ళకి సమానంగా పంచేశారు. ఈ పద్ధతిలో ఉన్న తమాషా ఏంటంటే గడువు పెంచేకొద్దీ "యీల్డ్" దానంతటదే పెరుగుతుంది. అదే 7 శాతం రేటుతో ఏడాదికి వేస్తే 7.19, ఐదేళ్ళకి వేస్తే 8.30, పదేళ్ళకి వేస్తే 10 దాటిపోతుంది. రేటు ఒక్క పైసా పెంచకుండా యీల్డ్ ఇంత పెరిగిందంటే ఆ అంకె డిపాజిట్ గురించి ఏమీ చెప్పట్లేదనే కదండీ అర్థం.

నిజంగా ఏడాదికి ఎంత గిడుతుందో చెప్పే అంకె వేరే ఉంది, 1.0175 పవర్ 4, అది 1.07186. అంటే ఏడాదికి 7.19 శాతం. 10 లక్షల మీద మొదటి 12 నెలల్లో కలిసేది 71,859 రూపాయలు, 83 వేలు కాదు. ఇది ఏ గడువుకైనా మారదు, అందుకే ఒక బ్యాంక్‌ని ఇంకో బ్యాంక్‌తో పోల్చుకోవాలంటే ఈ అంకె పనికొస్తుంది, మీరు వేసిన 8.30 పనికిరాదు.

ఇది ఊరికే చాదస్తం కోసం చెప్పట్లేదు, దీనివల్ల బాబాయి ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆయన ముందు పోస్టాఫీసుకి వెళ్ళారు. అక్కడ అప్పుడు 5 ఏళ్ళ టైమ్ డిపాజిట్ రేటు 7.5%. వడ్డీ క్వార్టర్లీ లెక్కకట్టి ఏడాదికోసారి చేతికిస్తారు. వాళ్ళు యీల్డ్ గీల్డ్ ఏమీ రాయరు, 7.5 అని రాస్తారు అంతే. మీ లెటర్‌లో 8.30, అక్కడ 7.5, ఎవరైనా ఏం చేస్తారు? ఆయనా అదే చేశారు. కానీ ఒకే కొలతలో పెట్టి చూస్తే పోస్టాఫీసుది ఏడాదికి 7.71 శాతం, మీది 7.19. 10 లక్షల మీద ఏడాదికి అక్కడ 77 వేల పైచిలుకు, ఇక్కడ మొదటి ఏడాది 71,859.

దీనికి మీ బ్రాంచిలో ఒక సార్ సమాధానం చెప్పారు, "పోస్టాఫీసులో వడ్డీ మళ్ళీ కలవదు కదండీ, ఐదేళ్ళకి మొత్తం చూస్తే మాదే ఎక్కువ" అని. అందులో సగం నిజం ఉంది. అక్కడ ఏటా వచ్చే 77,136 తీసుకుని బీరువాలో పెట్టేస్తే 5 ఏళ్ళకి 3,85,680 మాత్రమే, మీ 4,14,778 కంటే తక్కువ. కానీ ఎవరు బీరువాలో పెడతారండీ, ఏడాదికోసారి వచ్చిన ఆ డబ్బుని ఊరికే 4 శాతం వచ్చే చోట పడేసినా 5 ఏళ్ళకి మొత్తం వడ్డీ 4,17,793 అవుతుంది. మీకంటే మూడు వేలు ఎక్కువే. ట్యాక్స్ సంగతి రెండు చోట్లా ఇంకా కలపలేదు, పోస్టాఫీసు వడ్డీ కూడా ఆదాయమే. నేను చెప్పేది పోస్టాఫీసు గొప్పదని కాదు, ఆయనకి పోల్చుకునే అవకాశం లేకుండా చేశారని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, టీడీఎస్.

సెప్టెంబర్ ఆఖరికి మొదటి క్వార్టర్ అయింది, బాబాయి స్టేట్‌మెంట్‌లో వడ్డీ 17,500 జమ, దాని కిందే ట్యాక్స్ 1,750 ఖర్చు, ఎఫ్‌డీ బ్యాలెన్స్ 10,15,750. మీ లెటర్ ప్రకారం ఐతే ఆ రోజు 10,17,500 ఉండాలి. ఆయన "1,750 ఏగా పోయింది, ఐదేళ్ళకి ఇలా ఓ 35 వేలు పోతాయేమో" అనుకున్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు, ప్రతి క్వార్టర్‌కీ అంతే పోతుందని. అలా జరగదు. రెండో క్వార్టర్‌కి వడ్డీ 10,17,500 మీద పడదు, 10,15,750 మీదే పడుతుంది. కోసేసిన 1,750 మీద మిగతా 19 క్వార్టర్లూ వడ్డీ రాదు. రెండో క్వార్టర్‌లో కోసిన దాని మీద 18 క్వార్టర్లు రాదు, అలా ప్రతి కోతకీ వెనక ఇంకో చిన్న కోత ఉంటుంది, అది స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లైనుగా కనపడదు.

లెక్క మాత్రం చాలా సులువు. వడ్డీలో 10 శాతం పోయి 90 శాతమే కలుస్తుంది కాబట్టి క్వార్టర్‌కి 1.75 బదులు 1.575 శాతం పెరుగుతున్నట్టు. అంటే 7 శాతం డిపాజిట్ కాస్తా 6.3 శాతం డిపాజిట్ అయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, లెక్క కట్టేటప్పుడు చాలామంది 20 క్వార్టర్లకీ కోత వేసేస్తారు. టీడీఎస్ కొయ్యాలా వద్దా అనేది ఆర్థిక సంవత్సరం మొత్తం మీద ఆ బ్యాంక్‌లో ఆ మనిషికి వచ్చే వడ్డీ చూసి తేలుస్తారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ లిమిట్ మామూలు వాళ్ళకి 50,000 (అంతకుముందు 40,000), 60 దాటిన వాళ్ళకి లక్ష. బాబాయి డిపాజిట్ 2030 జులై 1కి అయిపోతుంది కాబట్టి ఆఖరి ఆర్థిక సంవత్సరంలో ఒక్క క్వార్టరే పడుతుంది, ఆ వడ్డీ 23,550, లిమిట్ లోపలే. అప్పటికి ఆయనకి మీ దగ్గర వేరే డిపాజిట్ లేకపోతే ఆ క్వార్టర్‌కి కోత ఉండకూడదు. అందుకని 19 క్వార్టర్లు కోతతో, ఒకటి కోత లేకుండా:

```
=1000000*(1+7%*0.9/4)^19*(1+7%/4)
```

13,69,254 వస్తుంది. మీ లెటర్‌లో ఉన్నదానికీ దీనికీ తేడా 45,524 రూపాయలు.

ఈ 45,524లో ఏముందో విడదీసి చూడండి, ఈ లేఖ మొత్తంలో నాకు ముఖ్యం అనిపించింది ఇదే. 19 క్వార్టర్లలో మీరు కోసి గవర్నమెంట్‌కి కట్టే టీడీఎస్ మొత్తం కలిపితే 38,412. మరి మిగతా 7,112 ఎక్కడికి పోయింది? అది గవర్నమెంట్‌కి వెళ్ళలేదు, బాబాయికీ రాలేదు. కోసిన డబ్బు మీద కలవాల్సిన వడ్డీ అది, అసలు పుట్టనేలేదు. 38,412కి లెక్క ఉంటుంది, ట్యాక్స్ శాఖ వాళ్ళ 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది, కోసినట్టు మీరు ఫారం 16ఏ సర్టిఫికెట్ ఇస్తారు, రిటర్న్ వేస్తే ట్యాక్స్‌లో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. ఈ 7,112కి ఏ కాగితమూ ఉండదు. రిఫండ్ వచ్చినా అది సేవింగ్స్ అకౌంట్‌లోకి వస్తుంది కానీ ఎఫ్‌డీలోకి వెళ్ళి మళ్ళీ 7 శాతానికి కూర్చోదు కదా.

ఇంకో ముక్క, లిమిట్ గురించి జనంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, మీ కౌంటర్ దగ్గర కూడా విన్నా. 50 వేలు దాటిన దాని మీదే కోస్తారు అనుకుంటారు. కాదు, దాటితే మొత్తం మీద. ఈ ఏడాది బాబాయికి మూడు క్వార్టర్ల వడ్డీ 53,331 అవుతుంది, లిమిట్ కంటే మూడు వేల చిల్లర ఎక్కువ, కానీ కోత 333 కాదు 5,333. మీ సిస్టమ్ మార్చి దాకా ఆగి చూడదు, ఏడాది మొత్తానికి ఎంత అవుతుందో ముందే అంచనా వేసుకుని మొదటి క్వార్టర్ నుంచే కోస్తుంది. అదే బ్యాంక్‌లో రెండు బ్రాంచిల్లో సగం సగం వేసినా లాభం లేదు, పాన్ ఒకటే కాబట్టి అన్నీ కలిపే చూస్తారు. వేరే బ్యాంక్‌లో సగం వేస్తే టీడీఎస్ తప్పుతుంది, కానీ ట్యాక్స్ కట్టాల్సిన వాళ్ళకి ట్యాక్స్ తప్పదు, రెండూ వేరు వేరు విషయాలు.

ఇప్పుడు మీరు అనొచ్చు, కొన్ని బ్యాంకుల్లో టీడీఎస్ ఎఫ్‌డీలోంచి కాకుండా సేవింగ్స్ అకౌంట్‌లోంచి తీస్తారని. నిజమే, అలా ఐతే మెచ్యూరిటీకి 14,14,778 పూర్తిగా వస్తుంది, కానీ ఐదేళ్ళపాటు మూడు నెలలకోసారి సేవింగ్స్‌లోంచి డబ్బు వెళ్తూ ఉంటుంది. మీది ఏ పద్ధతో లెటర్‌లో లేదు. బాబాయి స్టేట్‌మెంట్ చూశాకే తెలిసింది. చదివేవాళ్ళు తమ డిపాజిట్ ఏ రకమో తెలుసుకోవాలంటే క్వార్టర్ అయ్యాక ఎఫ్‌డీ బ్యాలెన్స్ చూడండి, పూర్తి వడ్డీ కలిసి ఉంటే కోత సేవింగ్స్‌లో పడి ఉంటుంది, 90 శాతమే కలిసి ఉంటే ఎఫ్‌డీలోంచే తీశారు.

ఇక బాబాయి సంగతిలో అసలు బాధేంటంటే, ఆయన ఈ టీడీఎస్ కట్టాల్సిన మనిషే కాదు. ఉద్యోగం లేదు, పై పోర్షన్ అద్దె, ఈ వడ్డీ, అన్నీ కలిపినా మూడున్నర లక్షలు దాటదు. కొత్త ట్యాక్స్ పద్ధతిలో 2025-26 ఏడాదికి 4 లక్షల దాకా ట్యాక్సే లేదు. అలాంటి వాళ్ళ కోసమే, టీడీఎస్ కొయ్యొద్దని బ్యాంక్‌కి రాసిచ్చే 15జీ ఫారం ఉంది (60 దాటిన వాళ్ళకి 15హెచ్). 15జీకి రెండు షరతులు: ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద ట్యాక్స్ సున్నా అవ్వాలి, ఇలాంటి వడ్డీల మొత్తం ట్యాక్స్ లేని కనీస పరిమితిని దాటకూడదు. బాబాయికి రెండూ సరిపోతాయి. డిపాజిట్ వేసిన రోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఆ ఫారం ముందు పెట్టి ఉంటే 1,750 పోయేది కాదు. నామినేషన్ ఫారం పెట్టారు, ఇన్సూరెన్స్ పాలసీ కరపత్రం పెట్టారు, ఇది మాత్రం గుర్తు రాలేదు.

అక్టోబర్‌లో మేం ఇచ్చాం. ఇక ఈ ఏడాది మిగతా క్వార్టర్లకి కోత ఉండదు. పోయిన 1,750 మాత్రం మీరు వెనక్కి ఇవ్వలేమన్నారు, గవర్నమెంట్‌కి కట్టేశారట, సరే. దానికోసం ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెయ్యాలి, లేకపోతే వేసే అవసరమే లేని మనిషి. రిఫండ్ వస్తుంది, కానీ ఆ 1,750 ఎఫ్‌డీలో 19 క్వార్టర్లు ఉండి ఉంటే 2,433 అయ్యేది. కాబట్టి ఇకనుంచి ప్రతి ఏడాదీ ఠంచనుగా 15జీ ఇచ్చినా మెచ్యూరిటీకి వచ్చేది 14,12,345. మీ లెటర్‌లో ప్రింట్ చేసిన 14,14,778 ఇక ఏ దారిలోనూ రాదు, మూడు నెలలకే ఆ అంకె చచ్చిపోయింది.

ప్రతి ఏడాదీ అన్నా కదా, అది కూడా మీ లెటర్‌లో లేదు. 15జీ ఒక్కసారి ఇస్తే ఐదేళ్ళకి సరిపోదు, ఒక్కో ఆర్థిక సంవత్సరానికి ఒక్కోటి. డిపాజిట్ ఐదేళ్ళు కదలకుండా ఉంటుంది, ఫారం మాత్రం మార్చి 31కి చచ్చిపోతుంది. ఏప్రిల్‌లో ఇవ్వడం మర్చిపోతే జూన్ ఆఖర్లో మళ్ళీ కోత. మా ఆఫీసుకి వచ్చే వాళ్ళలో ఎక్కువ మందికి జరిగేది ఇదే, మొదటి ఏడాది ఇచ్చి "ఇచ్చాం కదా" అని ఊరుకుంటారు, రెండో ఏడాది నుంచి కోత నడుస్తూ ఉంటుంది, మెచ్యూరిటీ రోజున బాండు మీద ఉన్న అంకెకీ చేతికొచ్చిన దానికీ తేడా చూసి బ్యాంక్ మోసం చేసిందని కౌంటర్ దగ్గర గొడవ. మీ వాళ్ళు పాపం టీడీఎస్ అని చెప్తారు, ఆయన వినడు. ఈ గొడవంతా మీ వాళ్ళకి కూడా అనవసరం కదండీ.

దీనికి విరుగుడుగా కొన్ని బ్రాంచిల్లో అందరిచేతా 15జీ సంతకం పెట్టించేస్తున్నారు, అది ఇంకా తప్పు. ట్యాక్స్ పడే ఆదాయం ఉన్నవాడు అది ఇస్తే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది, దానికి శిక్ష కూడా ఉంది, అది సంతకం పెట్టినవాడి మీద పడుతుంది.

ట్యాక్స్ కట్టే వాళ్ళ సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే వాళ్ళకి ఈ లెటర్ ఇంకా ఎక్కువ దూరం. 30 శాతం స్లాబ్‌లో ఉన్న ఉద్యోగికి సెస్సుతో కలిపి వడ్డీ మీద 31.2 శాతం పోతుంది. మీరు కోసేది 10 మాత్రమే, మిగతా 21.2 ఆయన జేబులోంచి ఏటా కట్టాలి. ఐదేళ్ళ తర్వాత డబ్బు చేతికి వచ్చాక కడదాంలే అనుకుంటే కుదరదు, టీడీఎస్ ఏ ఏడాది కోశారో ఆ ఏడాది వడ్డీ ట్యాక్స్ శాఖ దగ్గరుండే ఏఐఎస్ అనే ఆదాయాల లిస్టులో కనపడుతూనే ఉంటుంది, ఆ కోతని వాడుకోవాలంటే ఆ ఏడాది రిటర్న్‌లోనే వడ్డీ చూపించుకోవాలి. ఆ ట్యాక్స్ మొత్తం ఎఫ్‌డీలోంచే పోయినట్టు ఊహించుకుని లెక్క కడితే క్వార్టర్‌కి 1.204 శాతం, ఏడాదికి 4.90 శాతం, ఐదేళ్ళకి 10 లక్షలు 12,70,438 అవుతాయి. పైన పెద్ద అక్షరాల్లో 8.30, నిజంగా మిగిలేది 4.90. 20 శాతం స్లాబ్ ఐతే 5.66. ఈ అంకెలు మీరు ప్రింట్ చెయ్యాలని నేను అడగట్లేదు, ఎవరి స్లాబ్ ఏంటో మీకు తెలియదు, అది న్యాయమే. కానీ 8.30 మాత్రం ఎవరికి వస్తుందో ఒక్క మనిషిని చూపించండి.

మేనేజర్ గారూ, మీతో మాట్లాడినప్పుడు మీరు మర్యాదగానే చెప్పారు, కాదనను. "టీడీఎస్ గవర్నమెంట్ రూల్, ఒక్కో కస్టమర్‌కి ఒక్కోలా ఉంటుంది, రేపు రూల్ మారొచ్చు, అందుకే లెటర్‌లో వెయ్యలేం" అన్నారు. రూల్ మారుతుందన్న మాట నిజం, కరోనా అప్పుడు 2020 మే 14 నుంచి 2021 మార్చి దాకా రేటు 7.5కి తగ్గించారు, లిమిట్ 2025 ఏప్రిల్‌లోనే మారింది. కానీ మీ సిస్టమ్ దగ్గర డిపాజిట్ వేసిన రోజే అన్నీ ఉన్నాయి. పాన్ ఉంది, పుట్టిన తేదీ ఉంది, ఏడాదికి ఎంత వడ్డీ వస్తుందో అంచనా ఉంది, లిమిట్ ఎంతో ఉంది. ఇవన్నీ ఉండబట్టే కదా మొదటి క్వార్టర్‌కే ఠక్కున 1,750 కోసింది. కోసేటప్పుడు తెలిసిన సంగతి లెటర్ ప్రింట్ చేసేటప్పుడు ఎందుకు తెలియదండీ? "ఇప్పటి రూల్స్ ప్రకారం" అని ఒక మాట వేస్తే రేపు మారినా మిమ్మల్ని ఎవరూ అడగరు.

నేను అడిగేది పెద్దదేం కాదు. లెటర్‌లో ఆ 8.30 తీసేసి దాని స్థానంలో ఏడాదికి నిజంగా గిట్టే 7.19 వెయ్యండి, అన్ని బ్యాంకులూ అదే వేస్తే జనం పోల్చుకుంటారు. మెచ్యూరిటీ దగ్గర ఒక అంకె బదులు రెండు వెయ్యండి, 15జీ లేదా 15హెచ్ ప్రతి ఏడాదీ ఇస్తే 14,14,778, ఇవ్వకపోతే 13,69,254 అని, రెండూ ఒకే సైజు అక్షరాల్లో. కోత ఎఫ్‌డీలోంచి తీస్తారా సేవింగ్స్‌లోంచి తీస్తారా అన్నది కూడా అక్కడే ఒక లైను. ఈ పనికి కొత్త మనుషులు అక్కర్లేదు, మీ టెంప్లేట్‌లో రెండు ఫార్ములాలు మారిస్తే చాలు, పైన రాసిచ్చా కదా. అలాగే ఏప్రిల్ మొదటి వారంలో 15జీ గుర్తుచేస్తూ ఒక మెసేజ్, తెలుగులో. లోన్ ఆఫర్ల మెసేజ్‌లు తెలుగులో బాగానే పంపుతున్నారు.

బాబాయి విషయానికి వస్తే, ఆయన 8.30 చూసి వేశారు, అది నిజం కాదని మీకు ఇప్పుడు అంకెలతో చూపించా. డిపాజిట్ మధ్యలో తీస్తే 1 శాతం పెనాల్టీ అని మీ లెటర్‌లో ఉంది, పైగా ఉన్నన్నాళ్ళ గడువుకి ఉండే తక్కువ రేటు నుంచి ఆ 1 శాతం తీస్తారు. ఆయన్ని పెనాల్టీ లేకుండా బయటికి రానివ్వండి, లేదా 14,12,345 అని సరిచేసిన లెటర్ సంతకంతో ఇవ్వండి. ఈ రెండిట్లో ఏది చేసినా మాకు ఫర్వాలేదు. రాతపూర్వకంగా అర్జీ బ్రాంచిలో ఇచ్చి రసీదు నంబర్ తీసుకున్నాం. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టుకునే వీలుంది, ఆ కాగితాలు, ఈ లెక్కలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి బాబాయి దగ్గరే ఉంచా.

ఇట్లు,
మీ డిపాజిటర్ అన్నయ్య కొడుకు, తెనాలి